కడగని మడమ

ధనుర్వాతం నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నవాణ్ణి కాదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో మా ఆసుపత్రిలో దానికని ప్రత్యేకంగా ఓ చీకటి గది ఉండేది. కిటికీలకు నల్ల గుడ్డ కట్టి, తలుపు దగ్గర చెప్పులు విప్పించి, పిల్లిలా నడవమనేవారు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళలో సగం మందిని ముఖం మీద గుడ్డ కప్పి స్ట్రెచర్ మీద బయటికి తేవడం చూశాను. అందుకే దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉద్యోగంలో చేరాక, నాతో పనిచేసే కుర్ర డాక్టర్లు ఈ జబ్బును ఒక్కసారి కూడా చూడలేదని తెలిసి, లోపల్లోపల మీసం మెలేసుకున్నాను. ఆ గర్వం సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత జరిగిందానికి అదీ ఓ కారణం కాబట్టి.

కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళు అవి. ఒకప్పుడు ఒక్కో రంగువాళ్ళకు ఒక్కోటిగా ఉన్న ఆసుపత్రుల తలుపులు అందరికీ తెరిచారు. తెల్ల డాక్టర్లు కొందరు ఆస్ట్రేలియాకీ కెనడాకీ సర్దుకుంటుంటే, ఆ ఖాళీల్లోకి మాలాంటివాళ్ళం దిగాం. వార్డులో జులూ, ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ వినబడేవి. తెలుగు మాట వినక నా చెవులు ఎండిపోయి ఉండేవి. ఇంట్లో ఒక్కణ్ణే. ఊరగాయ సీసా మూత తీస్తూ దానితోనే రెండు మాటలు మాట్లాడుకునే స్థితికి వచ్చాను.

ఈస్టర్ సెలవులు అయిన వారంలో, ఓ గురువారం మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, పసుపు రంగు చీరలో, వీల్‌చైర్‌లో నిటారుగా కూర్చుని ఉంది. పక్కన కూతురు. నలభై ఏళ్ళుంటాయి, స్కూల్లో టీచరట. ఇల్లు ఇండియన్ల పేట రైస్‌థార్ప్‌లో. రెండు రోజుల్నుంచి అమ్మకు నోరు తెరుచుకోవడం లేదని, దగ్గర్లోని డాక్టరు పంటినొప్పి అనుకుని మాత్రలిచ్చాడని, నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్ళు కూడా దిగడం లేదని కూతురు ఇంగ్లీషులో చెప్పుకుపోతోంది. నేను ముసలావిడ ముఖం చూస్తున్నాను. పెదాలు రెండు చివర్లకూ లాగి, కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. తెలియనివాళ్ళు నవ్వుతోంది అనుకుంటారు. కళ్ళలో మాత్రం నవ్వు లేదు.

"అమ్మ పొద్దుట్నుంచీ ఇలాగే నవ్వుతోంది, నాకు భయమేస్తోంది" అంది కూతురు.

పళ్ళ మధ్య మిగిలిన సందులోంచి చెక్కపుల్ల దూర్చి గొంతు వెనక భాగాన్ని తాకాను. మామూలుగా అయితే ఎవరికైనా డోకు రావాలి. ఆవిడ దవడలు టక్కున మూసుకుని పుల్లను కొరికేశాయి. పొట్ట మీద చెయ్యి పెడితే బల్లచెక్క. ఇక నాకు రక్తపరీక్షలు అక్కర్లేదు. ఇది రక్తపరీక్షతో తేలే జబ్బు కూడా కాదు, చూసి పోల్చుకోవాల్సిందే. కుర్ర డాక్టరు వైపు తిరిగి "టెటనస్" అన్నాను, పేకాటలో ముక్క పడేసినట్టు.

ఆ మాట అయ్యాక, బిగిసిన పళ్ళ సందులోంచి ఆవిడ మెల్లగా అడిగింది.

"నువ్వు ఏ ఊరోడివి నాయినా?"

తెలుగు! అదీ మా తూర్పు వైపు పల్లెల్లో మా అమ్మమ్మ తరంతో పోయిన తెలుగు. నా ఒళ్ళు జలదరించింది. కాకినాడ అన్నాను. "మా తాతది ఇశాపట్నం కాడ. ఓడెక్కి సెరుకు తోటలకి వొచ్చినాడు" అంది. ఆమాత్రం మాటలకే మెడ కండరాలు తాళ్ళలా పైకి తేలాయి. మాట్లాడొద్దు అవ్వా అన్నాను. అవ్వా అని ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇక్కడికొచ్చిన పద్నాలుగు నెలల్లో ఏ రోగినీ నేను వరసపెట్టి పిలవలేదు.

ధనుర్వాతం వచ్చిందంటే ఎక్కడో గాయం ఉండాలి. మట్టిలో, పేడలో ఉండే ఆ క్రిమి గాలి తగలని లోతైన చోట, చచ్చిన కండలో కూర్చుని విషం తయారుచేస్తుంది. క్రిమి ఉన్నచోటి నుంచి కదలదు. దాని విషం నరాలు పట్టుకుని వెన్నుపాము దాకా ఎక్కుతుంది. అందుకే వైద్యం నాలుగు దిక్కుల నుంచీ జరగాలి. ఇంకా నరానికి అతుక్కోకుండా తిరుగుతున్న విషాన్ని విరవడానికి ఇమ్యునోగ్లోబులిన్. క్రిమిని చంపడానికి యాంటీబయాటిక్. క్రిమి కూర్చున్న చోటును కోసి, కడిగి, చచ్చిన కండ తీసి పారేయడం. ఇక నరాలకు అప్పటికే అతుక్కున్న విషం వదిలేదాకా మనిషిని నిద్రపుచ్చి, ఊపిరి నడిపించడం. ఇందులో మూడోది చెయ్యకపోతే మొదటి రెండూ సగం దండగ. చచ్చిన కండలోకి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మందూ పోదు. ఇదంతా నేను హౌస్‌సర్జన్లకు నిలబెట్టి పాఠం చెప్పినవాణ్ణే.

గాయం ఎక్కడ తగిలిందని కూతుర్ని అడిగాను. ఏ గాయమూ లేదంది. అవ్వను అడిగాను. తల అడ్డంగా ఊపింది. చేతులు చూశాను, గోళ్ళు, చెవులు, పళ్ళ చిగుళ్ళు, వీపు, అన్నీ చూశాను. తర్వాత చీర కుచ్చిళ్ళు కొంచెం జరిపితే కాళ్ళు కనిపించాయి. చీలమండ దాకా మందంగా పసుపు. పూత మీద పూత పడి, ఎండి, పెచ్చులు కట్టింది. కుడి చేతి మణికట్టుకు పసుపుకొమ్ము కట్టిన దారం.

"గుడ్ ఫ్రైడే నాడు అమ్మ నిప్పులు తొక్కింది" అంది కూతురు.

ఇక్కడి మనవాళ్ళు ఈస్టర్ సెలవుల్లో అమ్మవారి గుడి దగ్గర నిప్పుల గుండం తొక్కుతారని నాకు అప్పటికే తెలుసు. పది రోజులు ఒంటిపూట తిండి, చెప్పుల్లేని నడక, చాప మీద పడక. అవ్వ నడక వెనక ఓ మొక్కు ఉందని కూతురు చెప్పింది. ఎన్నికలకు ముందు ఈ కొండల చుట్టూ రెండు పార్టీల వాళ్ళు ఒకరినొకరు నరుక్కుంటున్న రోజుల్లో, అవ్వ కొడుకు బేకరీ వ్యాను నడిపేవాడట. తెల్లారకుండా నల్లవాళ్ళ పేటలైన టౌన్‌షిప్పుల్లోకి రొట్టెలు తీసుకెళ్ళేవాడు. వాడు క్షేమంగా ఇంటికి వస్తే ఐదేళ్ళు నిప్పులు తొక్కుతానని అవ్వ మొక్కుకుంది. వాడు ఇప్పుడు డర్బన్‌లో సిడెన్‌హామ్‌లో సంసారం చేసుకుంటున్నాడు. ఇది ఐదో ఏడు. గుడిలో పాలపూజ అయ్యి, పూజారి దారం విప్పేదాకా కాళ్ళ పసుపు కడగకూడదట. అది వాళ్ళింటి పద్ధతి. పూజకు ఇంకా నాలుగు రోజులుంది.

దూది తడిపి కాలు దగ్గరికి తీసుకెళ్ళాను. నిజంగానే తీసుకెళ్ళాను. అవ్వ బిగిసిన దవడల్లోంచి, "అయికోనా! అయికోనా నాయినా. నువ్వు మనోడివి గదా. కాలు కడగమాకు" అంది. అయికోనా అంటే వద్దనడం, ఇక్కడి పనివాళ్ళ భాషలో. ఆ ఉద్రేకానికి ఆవిడ ఒళ్ళంతా ఓసారి బిగిసి, వీపు కుర్చీకి అంటకుండా విల్లులా లేచింది. పది సెకన్లే. కానీ కూతురు కేక పెట్టింది.

నేను దూది ట్రేలో పెట్టేశాను. ఇంకా చెప్పాలంటే వంగి ఆ పాదాల్ని రెండు చేతుల్తో తాకి కళ్ళకద్దుకున్నాను. నా వేళ్ళకు పసుపంటింది. ఆ క్షణాన నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తే. అమ్మమ్మ పెరట్లో నిలబడ్డట్టుంది. పైనుంచి వంగి చూస్తే పాదాల మీద వాపు లేదు, ఎరుపు లేదు. నిప్పుల మీద నడిచిన బొబ్బలు కూడా లేవు. చాలనుకున్నాను. కేస్‌షీట్లో నా చేత్తో రాశాను: పాదాలు చూశాను, గాయం లేదు. దాని కింద నర్సులకు ఇంకో వాక్యం: మతాచారం కారణంగా పాదాలు కడగవద్దు.

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. వేరే ఏ ఊరి ముసలమ్మైనా, జులూ అయినా తెల్లావిడైనా, నేను మొహమాటపడి ఉండేవాణ్ణి కాదు. సారీ అని ఓ మాట అనేసి కడిగి పారేసేవాణ్ణి.

వార్డులో మందులు రాయడం మొదలుపెట్టాను. చేతికి అలవాటైనట్టు పెన్సిలిన్ అని రాశాను, నాలుగు గంటలకోసారి. కాకినాడలో అదే ఇచ్చేవాళ్ళం. మా పెద్ద డాక్టరమ్మ భుజం మీంచి చూసి, నా పెన్ను తీసుకుని, ఆ గీతను అడ్డంగా కొట్టేసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టి జుట్టు, ఎవరిమీదా గొంతు పెంచేది కాదు, ఎవరినీ వదిలేదీ కాదు.

"మెట్రోనిడజోల్ రాయి. రక్తనాళంలోకి, ఐదువందల మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. కండరాల్ని సడలించమని నరాలు పంపే ఒక కబురుంది. ఈ విషం దాన్ని బయటికి రానివ్వదు. నీ పెన్సిలిన్ కూడా అదే కబురుకి అడ్డుపడే రకం. అసలే కండరాలు ఈడ్చుకుపోతున్న మనిషిని ఇంకాస్త తొయ్యడం ఎందుకు? పైగా మెట్రోనిడజోల్ గాలి లేనిచోట బతికే క్రిముల మందు, గాయంలోకి బాగానే దిగుతుంది" అంది.

ఇమ్యునోగ్లోబులిన్ మూడువేల యూనిట్లు, కండలోకి, రెండు మూడు చోట్ల పంచి ఇచ్చాం. మా ఊళ్ళో గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం వాడేవాళ్ళం, ముందు చర్మం కింద చుక్క వేసి దద్దురు వస్తుందేమో చూసి మరీ. ఇక్కడిది మనుషుల రక్తంలోంచి తీసింది, ఆ గొడవ లేదు. ఆ సూది పడని చేతికి టీకా కూడా వేశాం. ఈ జబ్బు వచ్చి తగ్గినా ఒంట్లో రక్షణ మిగలదు, ఆ విషం అంత తక్కువ మోతాదులోనే చంపుతుంది. అవ్వ పుట్టింది చెరుకు తోట కూలీల లైన్ల ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. తన పిల్లల్ని కన్నదీ అక్కడే. పిల్లలందరికీ టీకాలు వేయించింది కానీ తనకు జీవితంలో ఒక్కటీ పడలేదు.

"గాయం?" అంది పెద్ద డాక్టరమ్మ.

"కనపడలేదు మేడమ్."

"కొందరిలో కనపడదు. అయినా మళ్ళీ వెతుకు. ఇమ్యునోగ్లోబులిన్ పడింది కాబట్టి ఇప్పుడు గాయాన్ని కెలికినా బయటికొచ్చే విషాన్ని విరిచేది రక్తంలో ఉంది. దొరికితే వెంటనే సర్జన్ని పిలువు."

మళ్ళీ వెతికాను. నెత్తిమీద జుట్టు పాయలుగా తీసి వెతికాను. చెవుల్లో లైటు వేసి చూశాను. కాళ్ళు మాత్రం "చూశాను" అని రాసేశానుగా.

అవ్వను చివరి గదిలో పెట్టాం. తెర వేసి, టెలిఫోన్ తీసేసి, ట్రాలీ చక్రాలకు నూనె రాయించి. తలుపు గట్టిగా పడితే చాలు ఒళ్ళు విరుచుకుపోతుంది. ఈ జబ్బులో అన్నిటికన్నా ఘోరం, తెలివి పోదు. ఎముకలు విరిగేంత బిగుసుకుంటుంటే మనిషికి అంతా తెలుస్తూనే ఉంటుంది. మందుల మత్తు మధ్య అవ్వ నన్ను చూసినప్పుడల్లా కళ్ళతో పలకరించేది. నేను తెలుగులో గుసగుసగా నాలుగు ముక్కలు చెప్పేవాణ్ణి. దారం విప్పించడానికి పూజారిని ఇక్కడికే పిలిపిస్తానని మాటిచ్చాను. కూతురు నా చెయ్యి పట్టుకుని "డాక్టర్, నువ్వు లేకపోతే మా అమ్మ మొక్కు వీళ్ళకు అర్థమయ్యేది కాదు" అంది. నేను సంతోషించాను, నిజం చెప్పొద్దూ.

రెండో రోజు సాయంత్రానికి గొంతు కండరాలు పట్టేశాయి. ఊపిరి ఆగి ముఖం నీలంగా మారింది. గొంతు కింద కోసి గొట్టం పెట్టి, కండరాలు కదలకుండా మందిచ్చి, వెంటిలేటర్‌కు ఎక్కించాం. ఆ తర్వాత అవ్వ నన్ను చూడలేదు.

మూడో రోజు పొద్దున సెలవు నుంచి వార్డు సిస్టర్ తిరిగొచ్చింది. జులూ ఆవిడ, ఇరవై ఏళ్ళ సర్వీసు, చర్చిలో పాటలు పాడించే గొంతు. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని ఒళ్ళు తుడవడం మొదలుపెట్టి, కాళ్ళ దగ్గరికి వచ్చి, నా రాత చదివింది. నన్ను పిలవలేదు. కడిగేసింది.

నేను వెళ్ళేసరికి గిన్నెలో నీళ్ళు పసుపురంగులో ఉన్నాయి. ఆవిడ ఎడమ మడమను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "రా, వాసన చూడు" అంది. పగుళ్ళు బారిన మందమైన మడమ. పక్కగా, పగుళ్ళలో పగులులా కలిసిపోయి, సెనగబద్దంత నల్ల మచ్చ. నొక్కితే బూడిదరంగు నీరు చిమ్మింది. కుళ్ళిన వాసన గదంతా వ్యాపించింది.

"నువ్వు చూశానని రాశావు" అంది సిస్టర్.

"మతాచారం..." అన్నాను.

"మా అమ్మ కూడా నమ్మకాలున్న మనిషే. ఆమె కాలు నా చేతిలో ఉంటే నేను కడుగుతాను. తర్వాత క్షమించమని అడుగుతాను." గొంతు పెంచలేదు. ఆ గదిలో పెంచకూడదు కదా. "నాకు నీమీద కోపంగా ఉంది డాక్టర్. వెళ్ళి సర్జన్ని పిలువు."

వెళ్ళాను. ముందు గాయం చుట్టూ మరికొంత ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాం. తర్వాత సర్జన్ మచ్చను తెరిచాడు. బయట సెనగబద్దంత, లోపల నిమ్మకాయంత. కండ తడిసిన అట్టలా ఉంది, కోస్తే రక్తం కారడం లేదు. మధ్యలో అంగుళం పొడవు కొయ్యముక్క. రక్తం కారే మంచి కండ తగిలేదాకా కోసుకుంటూ పోయి, సెలైన్‌తో సీసాలకు సీసాలు కడిగి, కుట్లు వెయ్యకుండా తెరిచే వదిలేశాడు. మూసేస్తే మళ్ళీ గాలి లేని గది కట్టిచ్చినట్టే. ట్రేలో ఆ కొయ్యముక్కను, దాని పక్కన కోసి తీసిన కండను చూశాను. రెండు రోజులుగా నేను రక్తనాళంలోకి ఎక్కిస్తున్న మందు ఈ అట్టముక్క అంచుదాకా వచ్చి ఆగిపోతోంది. లోపల మాత్రం విషం తయారవుతూనే ఉంది.

సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టి గాయం దొరికిందన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. చేతిసంచి పట్టీని నలుపుతూ చెప్పింది. గుండం తొక్కడానికి నాలుగు రోజుల ముందు, పెరట్లో కొత్తిమీర మడికి గుర్రపు ఎరువు వేస్తూ అమ్మ విరిగిన పెట్టెచెక్క తొక్కింది. ఉపవాసం కదా, చెప్పుల్లేవు. సగం లాగేసింది, సగం లోపలే ఉండిపోయింది. ఎవరికీ చెప్పొద్దని కూతురి చేత ఒట్టు వేయించుకుంది. పుండు కాలితో గుండం దగ్గరికి వెళ్తే గుళ్ళో ఆపేస్తారు. తొక్కాక కాలికి గాయం కనపడితే ఇంకా అన్యాయం, మనసులో మైల ఉంది కాబట్టే అమ్మవారు కాల్చిందంటారు. ఐదో ఏట మొక్కు చెడితే కొడుక్కి ఏమవుతుందోనని అమ్మ భయం. అందుకే పూత మీద పూత పసుపు పట్టించింది. పసుపే మాన్పుతుందని నమ్మింది కూడా.

"మొదటి రోజే చెప్పి ఉండాల్సింది" అంది కూతురు. "నువ్వు దూది తీసుకున్నప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నువ్వు కాళ్ళకు దండం పెట్టావు. ఇక చెప్పలేకపోయాను."



తర్వాతి తొమ్మిది రోజులు మా చేతిలో ఉన్నదంతా చేశాం. గాయం రోజూ విప్పి కడిగేవాళ్ళం, అది చక్కగా ఎర్రబడుతూ వచ్చింది. మెట్రోనిడజోల్ ఒక్క మోతాదు తప్పలేదు. కండరాలు సడలడానికి మెగ్నీషియం డ్రిప్పు, డయాజెపామ్. క్రిమి చచ్చింది, కొత్త విషం లేదు. కానీ నరాలకు అప్పటికే అతుక్కున్నదాన్ని ఏ మందూ ఊడదీయలేదు. అది వారాల మీద తనంతట వదలాల్సిందే. ఈలోగా గుండెను, రక్తపోటును నడిపే నరాలు తప్పతాగినట్టు ప్రవర్తించడం మొదలుపెట్టాయి. ఓ గంట నాడి నూట అరవై, ఒళ్ళంతా చెమట. మరో గంట బీపీ అందదు. పూజారి వచ్చి దారం విప్పి వెళ్ళాడు. నేను ఇచ్చిన మాటల్లో అదొక్కటే చెల్లింది. చేరిన పన్నెండో రోజు, పదకొండు గంటల వేళ, బయట ఎండ కాస్తుండగా గుండె ఒక్కసారిగా నెమ్మదించి ఆగింది. నలభై నిమిషాలు ఛాతీ మీద నొక్కాం. నేనూ నొక్కాను. చాలని పెద్ద డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసేదాకా నొక్కాను.

మొదటి రోజే కడిగి, కోసి ఉంటే బతికేదా అని పెద్ద డాక్టరమ్మను ఆమె గదిలో అడిగాను. "తెలియదు" అంది. "ఆ వయసు, టీకాల్లేవు, రెండు రోజుల్లో గొంతు పట్టేసింది. మొదటి గంటలో కోసినా పోయి ఉండొచ్చు. కానీ ఆ తెలియకపోవడాన్ని నువ్వు దాక్కోవడానికి వాడుకోకు. కేస్‌షీట్లో నువ్వు చూడనిదాన్ని చూశానని రాశావు. దాన్ని సరిచేస్తూ కింద రాసి, సంతకం పెట్టు." రాశాను. ఆ రెండు లైన్లు రాయడానికి నాకు అరగంట పట్టింది.

మర్నాడు దహనానికి వెళ్ళాను. కూతుర్ని పక్కకు పిలిచి, పూర్తిగా, దాపరికం లేకుండా చెప్పాను. తప్పు మీరు దాచడంలో కన్నా నేను కడగకపోవడంలో ఉంది, దాచేవాళ్ళు దాస్తారు, వెతకడం నా పని, నాకు నేర్పిందే అది, మన భాష వినబడేసరికి మతిపోయి మానేశాను అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"కడిగుంటే అమ్మ బతికేదా?"

"తెలియదు. బతకడానికి ఇంకాస్త వీలుండేది."

కళ్ళు తుడుచుకుని అంది. "ఇది నాకు చెప్పావు, సరే. ఇక్కడికొచ్చిన చుట్టాలకు మాత్రం చెప్పకు. గాయం సంగతి బయటపడితే అమ్మ మొక్కు పాడైందంటారు. అమ్మ ప్రాణమిచ్చి దాచుకుంది. అమ్మ గుండె ఆగి పోయిందని చెప్పాం. నువ్వూ అదే చెప్పు."

ఆమె అడిగింది అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజాలు రాయడం నాకు అలవాటే కదా. తల ఊపాను.

అప్పుడే అవ్వ చెల్లెలు వచ్చింది. అచ్చం అదే ముఖం, ఇంకా సన్నం. వంగిపోయిన నడుముతో నా ముందు నిలబడి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా మాటలాపి మా వైపు తిరిగారు.

"నువ్వేనా నాయినా మా అక్క కాలు కడగనియ్యలేదంట" అంది. "మనోడివి కాబట్టి తెలిసింది నీకు. నీ కడుపు సల్లగుండా."

కూతురు నా వంక చూస్తోంది. నేను ఆ చేతులు విడిపించుకోలేదు, నోరు తెరవలేదు. ఆవిడ నా చేతుల్ని తన కళ్ళకద్దుకుంది.